బస్సుకింకా టైముంది

మా కాలేజీలో ఏ ఫెస్టు జరిగినా మధ్యాహ్నం మూడున్నరయ్యేసరికి హాలు సగం ఖాళీ అయిపోతుంది. కార్యక్రమం బాగాలేక కాదు. ఉరవకొండకు చదువుకోను వచ్చే పిల్లల్లో చాలామందివి చుట్టుపక్కల పల్లెలు. బెళుగుప్ప వైపు, విడపనకల్లు వైపు, వజ్రకరూరు వైపు. బస్సు తప్పిందంటే చీకటి పడేదాకా బస్టాండే గతి. అందుకే ఫెస్టు అంటే టౌనులో ఇల్లున్న పిల్లలది, ప్రతి ఏడూ స్టేజీ ఎక్కే ఆ ఆరుగురిది అన్నట్టు తయారైంది.

కిందటేడు కల్చరల్ కమిటీ బాధ్యత నా మీద పడింది. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. డ్యాన్సుకూ నాకూ ఉన్న సంబంధం పెళ్లి ఊరేగింపుల్లో పక్కకు తప్పుకుని నడవడం వరకే. పిల్లలే వచ్చి, "సార్, రీల్ చాలెంజ్ పెడదాం. పాటకు పెదాలు కదిపి, నాలుగు స్టెప్పులేసి పెడితే అందరూ చేస్తారు, ఫెస్టు గురించి అందరికీ తెలుస్తుంది" అన్నారు. సరే కానివ్వండి అన్నాను.

ఫైనలియర్‌లో డ్యాన్సు బాగా చేసే అబ్బాయి ఒకడున్నాడు. ఒక్క రాత్రిలో సినిమా పాటకు స్టెప్పులు కట్టేశాడు. పొద్దున గ్రౌండులో చేసి చూపిస్తే చప్పట్లు ఆగలేదు. కాలేజీ పేజీలో పెట్టాం. మూడు రోజులు గడిచాయి. లైకులు బాగానే వచ్చాయి గానీ, దాన్ని చూసి చేసి పెట్టినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ వాడి స్నేహితులే.

ఎందుకిలా అయిందని ఆలోచిస్తూ స్టాఫ్ రూములో కూర్చున్నాను. ఆఫీసు అటెండరు టీ తెచ్చాడు. యాభై దాటిన మనిషి. ఫోను చేతికిచ్చి, "అన్నా, ఇది మూడుసార్లు చూసి నాలుగోసారి చెయ్యి చూద్దాం" అన్నాను. నవ్వి, సిగ్గుపడి, తలుపు దగ్గరికేసి మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బల వరకు బాగానే వచ్చాడు. అయిదో దెబ్బకు గిర్రున తిరిగాడు. తిరిగి ఇటు వచ్చేసరికి ఫోనులో అబ్బాయి ఎక్కడో ఉన్నాడు. "పోయె సార్, యాడో పోయె" అని ఆగిపోయాడు.

నాకు అక్కడ అర్థమైంది. తిరగడం కష్టమైన స్టెప్పేమీ కాదు. కానీ చూసి నేర్చుకునేవాడు తిరిగితే ఫోను వాడి వీపు వెనక్కి పోతుంది. ఒకటిన్నర సెకను వాడికి గురువు లేడు. తిరిగొచ్చేసరికి పాట దాటిపోయి ఉంటుంది. స్టేజీ మీద అందమైన స్టెప్పే ఫోనులో చూసి నేర్చుకునేవాడికి గొయ్యి అవుతుంది.

అటెండరు చేత ఇంకో రెండుసార్లు చేయించాను. ఈసారి తిరుగుడు తీసేసి. మరో చోట తడబడ్డాడు. అక్కడ కుడికాలు పక్కకు వేసి, మళ్లీ అదే కుడికాలు ముందుకు విసరాలి. డ్యాన్సు తెలిసిన అబ్బాయి మొదటిసారి కాలు ఊరికే నేలకు తాకిస్తున్నాడు, బరువంతా ఎడమకాలి మీదే ఉంచుకుంటున్నాడు. అందుకే కుడికాలు మళ్లీ లేస్తుంది. మా అటెండరు మొదటిసారే ఆ కాలి మీద బరువు మోపేశాడు. బరువున్న కాలు ఎలా లేస్తుంది? మొదటిసారి చూసేవాడికి తాకించడానికీ మోపడానికీ తేడా కనపడదు. కాలు పక్కకు పోయిందనే కనపడుతుంది. కాబట్టి కొత్తవాళ్లకు కుడి తర్వాత ఎడమ, ఎడమ తర్వాత కుడి రావాలి, నడకలాగా. నడిచే మనిషికి ఏ కాలు ముందన్నది ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ సాయంత్రం పిల్లలతో కూర్చుని, జనం ఇంట్లో కాపీ కొట్టిన స్టెప్పులేవో గుర్తు చేసుకున్నాం. 2020 లాక్‌డౌన్‌లో క్రికెటర్ డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకు ఇంట్లోనే ఆడాడు. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి. ఆ పాటలో జనం గుర్తుపెట్టుకున్న కదలిక ఒక గది వెడల్పులో సరిపోతుంది, నిలబడిన చోటు పెద్దగా వదలదు. 'నాటు నాటు' సంగతి వేరే. ప్రేమ్ రక్షిత్ కట్టిన ఆ స్టెప్పు వేగానికి మామూలు మనిషి కాళ్లు అందవు. అయినా 2023లో ఆస్కారు వచ్చినప్పుడు ఊరూరా చేశారు. పక్కవాడి భుజం మీద చెయ్యేసుకుంటే తప్పిపోయినా ఇద్దరూ కలిసి తప్పిపోతారు, నవ్వుకుంటారు. స్టెప్పు తేలిగ్గా అయినా ఉండాలి, తప్పు చేసినా సిగ్గుపడనిదిగా అయినా ఉండాలి. మాది ఆ రెండూ కాలేదు.

ఫైనలియర్ అబ్బాయికి మొదట మనసు నొచ్చుకుంది. "అట్లయితే డ్యాన్సే ఉండదు కదా సార్" అన్నాడు. నేనేమీ అనలేదు. అటెండరు చేసిన వీడియో చూపించాను, ఆయన్నడిగే తీసిందే. రెండుసార్లు చూశాడు. "సరే సార్, మళ్లీ కడతా" అన్నాడు. ఆ మాటకు వాడి మీద నాకు గౌరవం పెరిగింది.

ఈసారి సినిమా పాట వద్దనుకున్నాం. సంస్థల పేజీలకు సినిమా పాటలు వాడుకోవడంలో పరిమితులుంటాయి, ఒక్కోసారి పెట్టిన వీడియోలో పాట మూగబోతుంది. అదీకాక సినిమా పాట పెడితే చూసేవాడు హీరోతో పోల్చుకుంటాడు, వెనక్కి తగ్గుతాడు. మాటలు మేమే కట్టుకున్నాం. రెండే వాక్యాలు:

ఏమప్పా ఏమప్పా యాడుండావు?
బస్సుకింకా టైముంది రాప్పా రా!

దీనికి సంగీతం పక్క పల్లెలో చెక్కభజన చేసే ఇద్దరు పెద్దమనుషులు ఇచ్చారు. మేం అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే రికార్డు చేసుకున్నాం. ఇత్తడి బిళ్లలున్న చెక్కలు రెండు జతలు, అంతే. వేగం మాత్రం నేను పట్టుబట్టి తగ్గించాను. నిమిషానికి 96 దెబ్బలు. గడియారం పెట్టుకుని పది సెకన్లలో పదహారు దెబ్బలు పడుతున్నాయా లేదా లెక్కపెడితే తెలిసిపోతుంది. ఈ వేగంలో ఎనిమిది దెబ్బలకు సరిగ్గా అయిదు సెకన్లు. మూడు ఎనిమిదులు కడితే పదిహేను సెకన్ల రీల్ అయిపోతుంది. పిల్లలకు మొదట ఇది చప్పగా అనిపించింది. కానీ అటెండరుకు సరిపోయింది.

మొదటి ఎనిమిదిలో కాళ్లు కదలవు. ప్రతి దెబ్బకు మోకాళ్లు కొంచెం ఊగుతాయి, అంతే. ఒకటి, రెండుకు కుడిచెయ్యి నోటి పక్కన పెట్టి పిలవాలి: ఏమప్పా. మూడు, నాలుగుకు ఎడమచెయ్యి. అయిదు నుంచి ఎనిమిది వరకు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెతకాలి: యాడుండావు. ఇక్కడ నోటికి పని ఎక్కువ కాబట్టి కాళ్లకు సెలవిచ్చాం.

రెండో ఎనిమిదిలో కుడికాలు పక్కకు, ఎడమకాలు వచ్చి తాకాలి. ఎడమకాలు పక్కకు, కుడికాలు వచ్చి తాకాలి. ఇలాగే రెండు జతలు. ఎప్పుడూ తాకిన కాలే మళ్లీ బయలుదేరుతుంది కాబట్టి ఎక్కడా తికమక లేదు. చేతులు మొదటి నాలుగు దెబ్బలకు రోడ్డు మీద బస్సాపినట్టు అడ్డం చాచి ఉంటాయి. అయిదు, ఆరుకు మణికట్టు మీద వాచీని రెండుసార్లు తట్టాలి. ఏడు, ఎనిమిదికి రమ్మని చెయ్యి ఊపాలి. ఈ మూడూ ఎవరూ నేర్పక్కర్లేనివి. మాట వినగానే చెయ్యి దానంతటదే పోతుంది.

మూడో ఎనిమిదిలో మాటలుండవు, చెక్కల చప్పుడే. కుడికాలు ముందుకు, చప్పట్లు. ఎడమకాలు వచ్చి తాకాలి. ఎడమకాలు వెనక్కి, చప్పట్లు. కుడికాలు వచ్చి తాకాలి. మళ్లీ కుడికాలు ముందుకు, చప్పట్లు, ఎడమకాలు పక్కన చేరాలి. ఏడుకు రెండు చేతులూ పైకి లేవాలి. ఎనిమిదికి తల మీద రెండు అరచేతులూ కలిపి పడగలాగా విప్పి ఆగిపోవాలి. ఉరగమంటే పాము. పడగ విప్పిన పాములా కనపడే కొండ వల్లే మా ఊరికి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. ఆ పడగతో ముగించమన్నది ఫైనలియర్ అబ్బాయే. ఆగిపోయే చివరి దెబ్బ ఉండాలని కూడా వాడే అన్నాడు. మధ్యలో తప్పినవాడు కూడా చివరికి అందరితో కలుస్తాడు కదా సార్ అని.

ఇంకొక చిన్న ఇబ్బంది చెక్కభజన పెద్దాయన కనిపెట్టాడు. ఫోనులో ఎదురుగా నిలబడి చేసేవాడి కుడి, చూసేవాడికి ఎడమ అవుతుంది. "మేం పిల్లోళ్లకు వీపు చూపించి అడుగు నేర్పుతాం నాయనా" అన్నాడాయన. ఫోనులో వీపు చూపిస్తే పెదాలు కనపడవు. అందుకని వీడియోలో చేసేవాడు ఎడమకాలితో మొదలుపెట్టాడు. చూసేవాడు అద్దంలో చూసినట్టు కుడికాలితో బయలుదేరతాడు. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన వీడియోను వాటంతటవే తిప్పేస్తాయి. గోడ మీది అక్షరాలు తిరగబడి కనపడుతుంటే అలా తిప్పిందని గుర్తు. ఫ్రేములో పాదాల కింద కొంచెం ఖాళీ కూడా వదిలాం. లేకపోతే కింద రాసే పేర్లూ వివరాలూ సరిగ్గా కాళ్ల మీద వచ్చి పడతాయి, అడుగులే కనపడవు.

స్టెప్పు కుదిరింది. పెదాలు కుదరలేదు.

మొదటి రోజు తీసిన వీడియోలో ఇరవైమంది ఏదో నములుతున్నట్టు ఉన్నారు. సిగ్గుకొద్దీ గొంతు లేకుండా ఊరికే నోరాడించారు. "పాట వస్తుంది కదా అని నోరు మూసుకోవద్దు, గట్టిగా అరవండి, మీ గొంతు వీడియోలో ఉండదు" అన్నాను. అరిచినప్పుడే దవడ నిజంగా తెరుచుకుంటుంది. ఇందులో చూసేవాడి కన్ను పట్టుకునేది అన్ని అక్షరాలనూ కాదు. పెదాలు మూసుకునే అక్షరాలను: ప, బ, మ. మా రెండు వాక్యాల్లో అవి ఎక్కడెక్కడున్నాయో చూడండి. ఏమప్పాలో మ, ప్ప. బస్సులో బ. టైములో మ. రాప్పాలో మళ్లీ ప్ప. ఈ నాలుగైదు చోట్ల పెదాలు సరిగ్గా మూసుకుంటే, మధ్యలో కొంచెం అటూఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ తప్పితే మాత్రం చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. ముఖ్యంగా ఆ 'ప్ప' దగ్గర. ఒత్తు పలికేముందు శబ్దం క్షణమాత్రం ఆగుతుంది, అది పెదాలు మూసి ఉండే క్షణం. వీడియో నెమ్మదిగా నడిపించి ఆ నిశ్శబ్దం దగ్గర ఆపండి. నోరు తెరిచి ఉంటే పెదాలు పాటతో కలవలేదన్నమాట.

మావాళ్లు అరిచారు, దవడలు తెరిచారు. అయినా ఆ నిశ్శబ్దం దగ్గర ఆపితే అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయి.

నేను ఫిజిక్స్ మాస్టారిని కదా, వెంటనే దూరం లెక్క వేశాను. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. స్పీకరుకు ముప్పై మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా వినపడుతుంది. ఆ కాస్త ఆలస్యం కాళ్లలో పెద్దగా తెలియదు, పెదాల్లో తెలుస్తుంది. గొప్పగా బోర్డు మీద వేసి చూపించాను. చివరి వరస నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, మరి ముందు వరస కూడా లేటుగానే ఉందే?" అంది.

నిజమే. దూరమే కారణమైతే ముందువాళ్లు సరిగ్గా, వెనకవాళ్లు ఆలస్యంగా ఉండాలి. అందరూ ఒకే కొలతన ఆలస్యమయ్యారంటే పాట స్పీకరు నుంచి బయలుదేరడమే ఆలస్యం. మేం వాడింది బ్లూటూత్ స్పీకరు. ఫోను నుంచి గాల్లో దానికి చేరి, అక్కడ మళ్లీ పాటగా మారేసరికి ఒకటో రెండో పదో వంతుల సెకను పోతుంది. పిల్లలు ఆ ఆలస్యపు పాటకు పెదాలు కదిపారు. యాప్ మాత్రం అసలు పాటను వీడియోకు అతికించింది. బ్లూటూత్ తీసేసి వైరు పెట్టాం. మొదటి ప్రయత్నంలోనే ప్ప దగ్గర ఇరవై నోళ్లూ మూసుకున్నాయి.

ఆ అడిగిన అమ్మాయి గురించే ఇప్పుడు చెప్పాలి.

బీకాం రెండో ఏడాది. విడపనకల్లు వైపు పల్లె. స్టెప్పులు అందరికంటే ముందు పట్టింది ఆ అమ్మాయే. మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో వరండాలో మిగతా అమ్మాయిలకు నేర్పేది. "తాకిన కాలే మళ్లీ పోవాల" అన్న మాట ఆ అమ్మాయిదే, నేను పైన రాసుకున్నాను. అంత చేసీ వీడియో తీసేటప్పుడు మాత్రం ఫోను వెనక నిలబడేది. "నేను తీస్తా సార్" అనేది.

మూడోరోజు అడిగాను. మామూలుగానే చెప్పింది. ఫోనులో మొగం కనపడితే కాలేజీ మాన్పిస్తామని ఇంట్లో చెప్పేశారు. వాళ్ల ఊరి పిల్ల ఒకామె ఫోటోను ఎవరో గ్రూపుల్లో తిప్పారు, అప్పట్నుంచి. "నేనొచ్చి మీ నాయనతో మాట్లాడేదా?" అన్నాను. గబుక్కున, "వద్దు సార్. మీరొస్తే ఇంకేమో అనుకుంటారు" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "నాలాంటోళ్లు ఇంకా ఉండారు సార్. అడగలేదు మీరు" అంది.

అడిగించాను. మహిళా లెక్చరరు ఒకామె విడిగా కూర్చోబెట్టి అడిగితే, స్టెప్పు వచ్చినా వీడియోలోకి రాలేనివాళ్లు పదకొండుమంది తేలారు. నేను అన్నాళ్లూ స్టెప్పు తేలిక చేస్తే అందరూ వస్తారనుకున్నాను. కాళ్ల సమస్య తీర్చాను. వీళ్ల సమస్య కాళ్లలో లేదు. అసలు పెదాలు కదపడమే పోటీ అయినప్పుడు మొగం దాచుకోవాల్సిన పిల్లకు అందులో చోటెక్కడ?

నాకు నిమ్మలకుంట గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గరి ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు జాతరలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు తెలుస్తుంది. తెర మీద రాముడూ రావణుడూ మాట్లాడుకుంటారు. ఏ బొమ్మకూ పెదాలు కదలవు. మాట్లాడేది ఎవరన్నది మనకు ఎలా తెలుస్తుంది? మాట్లాడే బొమ్మ ఊగుతుంది, చెయ్యి ఆడుతుంది. వినే బొమ్మ ఊరికే ఉంటుంది. అంతే. తెర వెనక గొంతుకు తెర ముందు బొమ్మ కదలిక తోడైతే నోటి సంగతి ఎవరూ అడగరు.

మర్నాడు ఇంట్లోంచి తెల్ల పంచె ఒకటి తీసుకుపోయాను. తూర్పు వైపు వరండా స్తంభాలకు పిల్లలు బిగించి కట్టారు. ఎండ పడే వైపు ఆ అమ్మాయి, నీడ వైపు ఫోను. కిందంచుకు ఇటుకలు పెట్టి మూట కట్టాల్సి వచ్చింది. మా దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, పంచె తెరచాపలా లేచిపోయేది.

మొదట అమ్మాయి తెరకు పది అడుగుల దూరంలో నిలబడింది. నీడ అంచులు మసగ్గా వచ్చాయి, వేళ్లు తెలియలేదు. సూర్యుడు చుక్కలా కాదు, పళ్లెంలా ఉంటాడు. పళ్లెం ఆ చివర నుంచి, ఈ చివర నుంచి వచ్చే వెలుగులు నీడ అంచును చెరిపేస్తాయి. పది అడుగుల దూరంలో ఆ మసక ఒక అంగుళం పైనే ఉంటుంది. వేలు మందం అంతేగా మరి! పైగా పొద్దున సూర్యుడు కొంచెం పైకెక్కి ఉంటాడు కాబట్టి నీడ కిందికి జారి తల తెర మధ్యలోకి వచ్చేసింది. "ముందుకు రా, చెయ్యి చాస్తే పంచె తగిలేంత దగ్గరికి" అన్నాను. ఒక అడుగు దూరంలోకి వచ్చేసరికి వేళ్లూ, జడా, చెవిలో లోలాకు కూడా కత్తిరించినట్టు వచ్చాయి. అంత దగ్గర కాబట్టి ముందుకీ వెనక్కీ వేసే అడుగులను పక్కలకు మార్చుకుంది.

పెదాలకు బదులు ఏం చెయ్యాలన్నది నేను చెప్పలేదు. ఆమే కనిపెట్టింది. 'ఏమప్పా'లో మ దగ్గర తల కిందికి, ప్పా దగ్గర పైకి. 'బస్సు' అన్నప్పుడు బ దగ్గర ఒక్క ఊపు. పెదాలు మూసుకునే చోటే తల ఊగుతోంది. చూస్తుంటే నీడే మాట్లాడుతోంది. ఫైనలియర్ అబ్బాయి నా పక్కన నిలబడి, "సార్, నా దానికంటే ఇదే బాగుంది" అన్నాడు. వాడలా అనగలగడం నాకు ఇంకా గుర్తే.

తీసినదాన్ని వెంటనే పెట్టలేదు. పదకొండుమందీ ఎవరి నీడను వాళ్లు చూసుకుని సరేనన్నాకే పెట్టాం. ఒకమ్మాయి తన జడను బట్టి గుర్తుపడతారని, కొప్పు పెట్టుకుని మళ్లీ తీయించుకుంది. ఇద్దరు వద్దన్నారు, వాళ్లవి ఫోన్లోంచి తీసేశాం. పేర్లు ఎక్కడా రాయలేదు. చాలెంజ్ నియమాల్లో ఒక వాక్యం చేర్చాం: మొగం చూపించైనా, నీడైనా, చేతులు మాత్రమే అయినా, ఏదైనా ఒకటే లెక్క. వీడియోనే వద్దనుకున్నవాళ్లు మధ్యాహ్నం వరండాలో అందరితో చేస్తే అదీ లెక్కే.

విచిత్రమేమిటంటే ఆ నీడలు వచ్చాక మొగం చూపించడానికి ఏ ఇబ్బందీ లేనివాళ్లు కూడా దుప్పట్లు కట్టి నీడలు తీసి పెట్టారు. సిగ్గున్న మగపిల్లలే ఎక్కువ. మా అటెండరు కూడా ఒకటి చేశాడు. ఆయన బొజ్జను బట్టి అందరూ గుర్తుపట్టేశారు.

ఫెస్టు రోజు కార్యక్రమాన్ని మధ్యాహ్నం పన్నెండున్నరకు జరిపాం. బస్సుల వేళలు మార్చడం మా చేతిలో లేదు, మా వేళ మార్చుకోవడం ఉంది. ఇది ముందే తోచి ఉండాల్సింది. గ్రౌండులో చెక్కభజన పెద్దలు ఇద్దరూ మధ్యలో నిలబడి కొట్టారు. వాళ్ల చుట్టూ పిల్లలు. మూడు ఎనిమిదులు, పదిహేను సెకన్లు, మళ్లీ మొదటినుంచి, మళ్లీ మళ్లీ. తప్పినవాళ్లు తప్పారు. ఎనిమిదో దెబ్బకు మాత్రం అన్ని పడగలూ ఒకేసారి లేచాయి. ఫోన్లన్నీ ఆ రోజు లోపల పెట్టించాం. ఆ పదకొండుమందీ ఎక్కడ నిలబడ్డారో నేను వెతకలేదు.

నాలుగింటికి బస్టాండు వైపు నడుస్తుంటే ఆ అమ్మాయి ఎదురైంది.

"సార్, ఆ నీడది మా అమ్మకు చూపించినా."

"ఏమంది?"

"ఎవురే ఈ పాప, బాగా చేస్తాంది అనింది."

"నువ్వేం చెప్పినావు?"

బస్సు కదులుతోంది. పరుగెత్తి ఎక్కి, మెట్ల మీంచి వెనక్కి తిరిగి చెప్పింది.

"మా క్లాసు పాప అని చెప్పినా సార్."